50 దగ్గర సున్నా, 75 దగ్గర తలకిందులు

సెన్సార్ రీడింగులు వణుకుతూ వస్తుంటే చాలామంది మొదట చేసే పని చివరి 20 రీడింగుల సగటు తీసుకోవడం. కొత్త రీడింగు రాగానే అన్నిటికన్నా పాతదాన్ని వదిలేసి మళ్లీ సగటు కడతాం. ఇదే మూవింగ్ యావరేజ్. గీత నున్నబడుతుంది కాబట్టి మంచి లో-పాస్ ఫిల్టర్ దొరికిందనుకుంటాం. అంటే నిదానంగా మారేవాటిని ఉంచి, వేగంగా ఊగేవాటిని ఆపేస్తుందని నమ్ముతాం. ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో ఒక్క ఉదాహరణతో చూడొచ్చు.

సెకనుకు 1000 రీడింగులు వస్తున్నాయనుకుందాం. 20 రీడింగులంటే 20 మిల్లీసెకన్ల కిటికీ. 50 హెర్ట్జ్ అలకు ఒక ఆవృత్తి పూర్తవడానికి పట్టే కాలం కూడా సరిగ్గా అంతే. కిటికీని ఎక్కడ నిలబెట్టినా లోపల ఒక ఎత్తు, ఒక పల్లం పూర్తిగా పడతాయి. రెండూ కొట్టుకుపోయి సగటు సున్నా అవుతుంది. 100 హెర్ట్జ్ అయితే రెండు ఆవృత్తులు, 150 అయితే మూడు, అక్కడా సున్నానే. ఇలా పూర్తిగా మాయమయ్యే చోట్లను నల్స్ అంటారు. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట దాని హమ్ సెన్సార్‌లోకి చొరబడుతుంటే, ఇంత తేలికైన మందు మరొకటి లేదు. సరఫరా 49.5కి జారినా మిగిలేది 1 శాతమే.

ఇప్పుడు 75 హెర్ట్జ్ తీసుకోండి. నిమిషానికి 4500 చుట్లు తిరిగే మోటారు కంపనం అది. 20 మిల్లీసెకన్లలో ఒకటిన్నర ఆవృత్తులు పడతాయి. ఒక ఆవృత్తి తనలో తానే రద్దయిపోతుంది. మిగిలిన అర ఆవృత్తికి జోడీ లేదు, అది సగటులో నిలబడిపోతుంది. లెక్కకడితే అసలు అలలో 21 శాతం బయటికి వస్తుంది. 50ని పూర్తిగా ఆపిన ఫిల్టర్, అంతకన్నా వేగమైన 75ని ఇలా వదిలేస్తోంది.

అంతకన్నా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. కిటికీ నడిమధ్యలో అల ఎత్తు ఉందనుకోండి. దానికి అటొక పల్లం, ఇటొక పల్లం. ఒక ఎత్తుకు రెండు పల్లాలు, కాబట్టి సగటు కిందికే పోతుంది. అసలు అల పైకి లేచిన చోట ఫిల్టర్ దిగినట్టు చూపిస్తుంది. సగటు వల్ల సహజంగా వచ్చే 9.5 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని సరిచేసి రెండు గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే ఈ తలకిందులు స్పష్టంగా కనిపిస్తుంది. సరిచూడనివాళ్లు పల్లాన్ని ఎత్తుగా చదివేస్తారు.

నమ్మకం కుదరకపోతే మీరే నడిపి చూడండి:

```python
import numpy as np
f, fs, N = 75, 1000, 20
x = np.cos(2*np.pi*f*np.arange(fs)/fs)
y = np.convolve(x, np.ones(N)/N, mode="valid")
print(y.max())
```

దాదాపు 0.21 వస్తుంది. `f`ను 50 చేస్తే సున్నాకు అంటుకుపోతుంది, 125 చేస్తే మళ్లీ 0.12 దాకా లేస్తుంది. ప్రతి రెండు నల్స్ మధ్యా ఇలాంటి గుట్ట ఒకటి ఉంటుంది. పైకి పోయేకొద్దీ గుట్టలు చిన్నవవుతాయి గానీ, 475 దగ్గర కూడా 5 శాతం మిగిలే ఉంటుంది.

సరే, 20 చాలకపోతే 40 రీడింగులు తీసుకుందాం అనిపించడం సహజం. అప్పుడు 75 నిజంగానే మాయమవుతుంది, ఎందుకంటే 40 మిల్లీసెకన్లలో దానికి సరిగ్గా మూడు ఆవృత్తులు. కానీ ఇప్పుడు 37.5 హెర్ట్జ్ ఒకటిన్నర ఆవృత్తుల చోటికి వచ్చి, అదే 21 శాతంతో, అదే తలకిందులుగా బయటపడుతుంది. గుట్ట జరిగిందే తప్ప తగ్గలేదు. పైగా మనం కాపాడాలనుకున్న 10 హెర్ట్జ్ నిదానపు అల 94 శాతం నుంచి 76కి పడిపోయింది.

తప్పు కిటికీ పొడవులో లేదు, దాని నిట్టనిలువు అంచుల్లో ఉంది. ప్రతి రీడింగూ ఒక్కసారిగా పూర్తి బరువుతో లోపలికొచ్చి, అంతే బరువుతో ఒక్కసారిగా వెళ్లిపోతోంది. సగటును మరోసారి సగటు చేస్తే బరువులు త్రిభుజంలా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతాయి. 75 దగ్గర 21 శాతంలో 21 శాతం, అంటే 5 శాతం లోపే మిగులుతుంది, అదీ సరైన దిశలో. ఆలస్యం మాత్రం రెట్టింపై 19 మిల్లీసెకన్లకు చేరుతుంది.

ఇంత చెప్పినా మూవింగ్ యావరేజ్‌ని పారేయమని నేను అనను. ఒక రీడింగుతో ఇంకోదానికి సంబంధం లేని రొద మాత్రమే ఉంటే, 20 రీడింగులకు బరువులు ఎలా పంచినా సమాన బరువులకన్నా బాగా ఆ రొదను తగ్గించలేం. అది దాదాపు నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. విలువ ఒక్కసారిగా మెట్టులా మారితే 20 రీడింగుల్లో కొత్త మట్టానికి చేరి, దాన్ని దాటకుండా అక్కడే ఆగుతుంది. ట్యాంకులో నీటిమట్టం చూడటానికి అది చాలు. మోటారు కంపనంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చెప్పాలంటే మాత్రం చాలదు.