రేవు బల్ల చెప్పే టార్క్ లెక్క: అపోహలు - వాస్తవాలు

పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చెప్తుంటాను. టార్క్ అంటే ఒక బలం ఏదైనా బిందువు చుట్టూ తిప్పే ప్రభావం. దాని దగ్గర పిల్లలు పడే తికమకంతా ఒక్క లెక్కలో చూపించొచ్చు.

కోనసీమలో ఒక కాలువ రేవు. పడవ ఎక్కడానికి గట్టు మీంచి నీళ్ల మీదికి 6 మీటర్ల బల్ల వేశారు అనుకోండి. బరువు 600 న్యూటన్లు, అది బల్ల మధ్యలో పనిచేస్తుంది. గట్టు వైపు కొస ‘ఎ’ ఒక దిమ్మ మీద ఊరికే ఆనింది. అక్కడికి 4 మీటర్లలో, నీటి అంచున, ‘బి’ దిమ్మ. మిగతా 2 మీటర్లు కాలువ మీదికి ఉంది. ఆ చివర 700 న్యూటన్ల మనిషి నిలబడ్డాడు. బొమ్మలో కాలువ కుడివైపు.

అపోహ: కిందికి లాగే బలం ఎప్పుడూ సవ్యదిశే, కాబట్టి మైనస్.

గుర్తు బలానిది కాదు, ఆ బలం మనం ఎంచుకున్న బిందువు చుట్టూ తిప్పే దిశది. అపసవ్యదిశను ప్లస్ అనుకుందాం. దిమ్మలు బల్లను పైకి నెట్టే బలాలనూ ఎ, బి అనే రాద్దాం. బల్ల కదలకుండా ఉండాలంటే టార్క్‌లన్నీ కలిపితే సున్నా రావాలి. ఎ చుట్టూ చూస్తే బల్ల బరువు, మనిషి బరువు రెండూ సవ్యదిశలోనే తిప్పుతాయి:

4 × బి − 600 × 3 − 700 × 6 = 0

బి = 1500 న్యూటన్లు. ఇప్పుడు బి చుట్టూ చూడండి. బల్ల మధ్యభాగం బికి ఎడమన ఉంది కాబట్టి అదే 600 ఇప్పుడు అపసవ్యదిశలో తిప్పుతుంది:

−4 × ఎ + 600 × 1 − 700 × 2 = 0

ఎ = −200. అలవాటుకొద్దీ 600కి మైనసే ఉంచితే −500 వస్తుంది. ఈ తప్పు పట్టుకోవడం తేలిక: రెండు ఆధారాలూ కలిపి మొత్తం బరువు 1300 మోయాలి. 1500 లోంచి 500 పోతే 1000 మాత్రమే.

అపోహ: మైనస్ వచ్చిందంటే లెక్క తప్పు.

ఎ పైకి నెడుతుందని మనం ఊహించాం. నిజానికి అక్కడ 200 న్యూటన్లతో కిందికి పట్టి ఉంచాలి. ఊరికే ఆనిన దిమ్మ ఆ పని చేయలేదు. బల్ల లేస్తుంది, మనిషి నీళ్లలో పడతాడు. 600 × 1ని 700తో భాగిస్తే, బి దాటి అతను సుమారు 86 సెంటీమీటర్లే వెళ్లగలడు.

అపోహ: అపసవ్యదిశే ప్లస్ అవ్వాలి.

ఏదైనా ఫర్వాలేదు, ఒక సమీకరణంలో మధ్యలో మార్చకూడదు, అంతే. బొమ్మను అవతలి పక్క నుంచి గీస్తే సవ్యం అపసవ్యమైపోతుంది కూడా!

అపోహ: మొమెంట్ ఆర్మ్ అంటే బలం తగిలే చోటు దాకా దూరం.

బల్ల లేవకుండా ఎ కొసకు మోకు కట్టి, వెనక నేలలో మేకుకు బిగించారు. జారకుండా బి దగ్గర బల్లను దిమ్మకు బిగించారు. మోకు బల్లతో 30 డిగ్రీల వాలులో ఉంది. బి నుంచి ఎకి 4 మీటర్లే, కానీ ఆర్మ్ అంటే బి నుంచి మోకు గీతకు గీసిన లంబం: 4 × sin 30° = 2 మీటర్లు. కావలసిన టార్క్ 700 × 2 − 600 × 1 = 800 కాబట్టి మోకులో టెన్షన్ 400 న్యూటన్లు. ఆర్మ్ 4 అనుకున్నవాడికి 200 వస్తుంది, అంత బలానికే సరిపోయే మోకు తెస్తాడు. మేకు ఇంకా దూరం పాతి వాలు 15 డిగ్రీలకు తగ్గిస్తే టెన్షన్ దాదాపు 773. నిట్టనిలువుగా ఎ కిందే కట్టగలిగితే మాత్రం ఆ 200 సరిపోతుంది.