ఆకాశంలో కదలని మచ్చ: పూర్తయిన వీడియోలో దుమ్ము నీడను తీసేయడం

రాజమండ్రి గోదావరి గట్టు మీద, మిట్టమధ్యాహ్నం తీసిన ఒక క్లిప్ ఊహించుకోండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 4కే, సెకనుకు 25 ఫ్రేములు. ఖాళీ ఆకాశం నుంచి మొదలై, కెమెరా మెల్లగా తిరుగుతూ ఆర్చ్ బ్రిడ్జి మీదుగా వెళ్తుంది. ఎడిటింగ్ అంతా అయిపోయాక పెద్ద టీవీలో చూస్తే కుడివైపు పైభాగంలో ఓ బూడిద రంగు చుక్క కనిపిస్తుంది. ఆకాశం కదులుతుంది, బ్రిడ్జి కదులుతుంది, ఆ చుక్క మాత్రం అక్కడే ఉంటుంది.

చాలామంది వెంటనే లెన్స్ ముందు అద్దాన్ని అనుమానిస్తారు. కానీ ఆ అద్దం మీది దుమ్ము ఇంత స్పష్టమైన చుక్కగా కనిపించడం చాలా అరుదు. అది ఫోకస్‌కు అందనంత దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని ప్రభావం ఫ్రేమంతా పలచగా పరుచుకుపోతుంది. ఇలాంటి చుక్కకు కారణం సెన్సర్ దగ్గరి దుమ్ము. సెన్సర్ మీద ఒక రక్షణ అద్దం ఉంటుంది. రేణువు కూర్చునేది ఆ అద్దం పై ముఖం మీద. అక్కడి నుంచి అసలు పిక్సెళ్లకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. మనం చూసే మచ్చ ఆ రేణువు కాదు, అది పిక్సెళ్ల మీద వేసే నీడ.

ట్యూబ్‌లైట్ కింద చెయ్యి పెడితే నీడ పలచగా, అంచులు చెరిగిపోయినట్టు పడుతుంది. అదే చిన్న టార్చిలైట్ ముందు పెడితే గట్టిగా పడుతుంది. కెమెరాలో ఆ దీపం పాత్ర అపర్చర్‌ది, అంటే లెన్స్‌లో వెలుతురు లోపలికి వచ్చే కిటికీది. కిటికీ పెద్దదైతే దుమ్ము నీడ పెద్దగా, లేతగా ఉంటుంది. చిన్నదైతే నీడ చిన్నగా, ముదురుగా ఉంటుంది.

లెక్క వేస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. రేణువుకీ పిక్సెళ్లకీ మధ్య 1.5 మిల్లీమీటర్ల ఎడం ఉందనుకుందాం. ఒక్కో పిక్సెల్‌కు వెళ్లే వెలుతురు శంకువు ఆకారంలో వస్తుంది. రేణువు ఉన్న ఎత్తులో ఆ శంకువు వెడల్పు కావాలంటే ఎడాన్ని ఎఫ్ నంబర్‌తో భాగించాలి. f/2.8 దగ్గర అది సుమారు 0.54 మిల్లీమీటర్లు. రేణువు వెడల్పు 0.04 మిల్లీమీటర్లైతే, అంత పెద్ద శంకువులో అది ఆపేది ఒక శాతం కంటే తక్కువ. ఎవరికీ కనిపించదు. f/22 దగ్గర శంకువు వెడల్పు 0.068 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. అప్పుడు అదే రేణువు సుమారు 35 శాతం వెలుతురును మింగేస్తుంది. మచ్చ వెడల్పు దాదాపు 12 పిక్సెళ్లు వస్తుంది.

మధ్యాహ్నపు వీడియోల్లోనే ఈ మచ్చలు ఎక్కువగా బయటపడటానికి కారణం కూడా ఇదే. 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించాలంటే షట్టర్‌ను 1/50 దగ్గర పెడతారు. ఎర్రటి ఎండలో, ఐఎస్‌ఓ 100 దగ్గర, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకపోతే అపర్చర్‌ను f/22 దాకా మూయక తప్పదు. అంతవరకూ కనిపించని దుమ్మంతా అక్కడ తేలుతుంది.

ఇప్పుడు తీసేయడం సంగతి. DaVinci Resolve లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో Dust Buster, Automatic Dirt Removal లాంటి పేర్లు చూసి చాలామంది ముందు వాటినే నొక్కుతారు. ఇవి పాత ఫిల్ము కోసం చేసినవి. ఫిల్ము రీలు మీది దుమ్ము ఒక్క ఫ్రేములో కనిపించి తర్వాతి ఫ్రేములో ఉండదు. ఆ పరికరాలు పక్కపక్క ఫ్రేములను పోల్చి, ఒకదానిలో మాత్రమే ఉన్నదాన్ని మురికిగా గుర్తిస్తాయి. సెన్సర్ దుమ్ము నీడ ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది కాబట్టి వాటి దృష్టిలో అది దృశ్యంలో భాగమే.

రెండో దారి అతుకు వేయడం. పక్కనున్న ఆకాశాన్ని తెచ్చి మచ్చ మీద కప్పొచ్చు, లేదా చుట్టూ ఉన్న పిక్సెళ్ల విలువలతో మధ్యభాగం నింపొచ్చు. కమాండ్ టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండో పనికి ఒక్క లైను చాలు:

```
ffmpeg -i clip.mp4 -vf "delogo=x=2904:y=406:w=20:h=20" out.mp4
```

ఖాళీ ఆకాశం ఉన్నంతసేపూ ఇది బాగానే ఉంటుంది. కెమెరా తిరిగి బ్రిడ్జి ఆర్చి ఆ చోటికి రాగానే గుట్టు బయటపడుతుంది. ఆర్చి నుంచి కిందికి దిగే సన్నటి నిలువు తీగలు ఆ 20 పిక్సెళ్ల పెట్టెలోకి వచ్చినప్పుడల్లా అలుక్కుపోయి, దాటగానే మళ్లీ తేరుకుంటాయి. కంటికి మొదటి మచ్చ కంటే ఈ మెలిక ఎక్కువ అడ్డం.

ఇక్కడే ఆగి ఒక్క విషయం ఆలోచించాలి. ఆ రేణువు 35 శాతం వెలుతురునే ఆపింది. మిగతా 65 శాతం సెన్సర్‌కు చేరింది. అంటే తీగ బొమ్మ మచ్చ కింద భద్రంగానే ఉంది, కాస్త చీకటిపడింది, అంతే. ఉన్నదాన్ని చెరిపి కొత్తది అతికించే బదులు, తగ్గినంత పెంచితే సరిపోతుంది. నీడ అంటే వెలుతురును ఒక సంఖ్యతో గుణించడం. దానికి విరుగుడు భాగించడం. ఖగోళ ఫొటోలు తీసేవాళ్లు ఫ్లాట్ ఫ్రేము అని అంతటా సమానంగా వెలిగే తలాన్ని ఒక బొమ్మ తీసుకుని, దానితో అసలు ఫొటోను భాగించేది ఇందుకే.

మామూలు వీడియోలో పిక్సెల్ విలువలు నేరుగా వెలుతురు కొలతలు కావు, గామా అనే వంపు గుండా మారి వస్తాయి. ఆ వంపును 2.2 అనుకుంటే 0.65 అనే గుణకం 0.82గా మారుతుంది. ఆకాశం 200 ఉండాల్సిన చోట మచ్చ నడిమధ్యలో 164 ఉంటుంది. 164ను 0.82తో భాగిస్తే మళ్లీ 200 వచ్చేస్తుంది. అదే మచ్చ 60 విలువ ఉన్న ముదురు కాంక్రీటు మీదికి వస్తే అక్కడ 49 కనిపిస్తుంది. 49ని 0.82తో భాగించినా 60 వస్తుంది. నేపథ్యం ఏదైనా గుణకం మారదు. అందుకే ఈ పద్ధతికి బ్రిడ్జి వచ్చినా, పక్షి ఎగిరినా ఇబ్బంది లేదు.

Resolve కలర్ పేజీలో దీన్ని చేతితో చేయొచ్చు. మచ్చ మీద గుండ్రటి విండో పెట్టి, అంచులు బాగా మెత్తబరిచి, Gain విలువను 1.00 నుంచి 1.22కు పెంచాలి. Lift కానీ Offset కానీ వాడకూడదు. Offset కూడిక చేస్తుంది, ఆకాశం మీద సరిపోయినా ముదురు వస్తువు మీద తెల్లటి మచ్చగా మిగిలిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. వెలుతురును లాగరిథం లెక్కన రాసుకునే, ఇంకా రంగులు దిద్దని లాగ్ వీడియోలో గుణకారం కూడికగా మారిపోతుంది కాబట్టి అక్కడ Offset దాదాపు సరిగ్గా పనిచేస్తుంది.

మచ్చ ఆకారం కచ్చితంగా పట్టుకోవడమే అసలు కష్టం. ఈ క్లిప్‌లో పూర్తి ముదురు ఉన్న నడిభాగం మూడు పిక్సెళ్లే, మిగతాదంతా అంచుల వైపు పలచబడిపోయే వాలు. కంటి అంచనాతో విండో గీస్తే ఒకవైపు తెల్లటి నెలవంక, ఇంకోవైపు నల్లటి నెలవంక మిగులుతాయి. దీనికి క్లిప్ నుంచే సాయం తీసుకోవచ్చు. కెమెరా తిరుగుతున్న ఫ్రేములు చాలావాటిని తీసుకుని సగటు చేస్తే, కదిలే దృశ్యం ఒకదానిలో ఒకటి కలిసి నున్నగా అయిపోతుంది. కదలనిది మచ్చ ఒక్కటే కాబట్టి అది మాత్రమే తేటగా మిగులుతుంది:

```
ffmpeg -i clip.mp4 -vf "tmix=frames=120,select='eq(n,119)'" -frames:v 1 avg.png
```

ఈ సగటు బొమ్మను, మచ్చ కరిగిపోయేంతగా బ్లర్ చేసిన దాని నకలుతో భాగిస్తే ఒక పటం వస్తుంది. దానిలో మచ్చ లేని చోటంతా సుమారు 1 ఉంటుంది, మచ్చ నడుమ 0.82 ఉంటుంది. మచ్చ చుట్టూ ఉన్న చిన్న భాగం తప్ప మిగతాదంతా 1 చేసేసి, క్లిప్‌లోని ప్రతి ఫ్రేమునూ ఆ పటంతో భాగించాలి. కెమెరా కదలని షాట్‌లో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ మచ్చతోపాటు దృశ్యం కూడా సగటులో నిలిచిపోతుంది.

పూర్తయిన క్లిప్ అన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఎడిటర్ అప్పటికే స్టెబిలైజ్ చేసి ఉంటే మచ్చ ఇక ఒకచోట ఉండదు. వణుకుతున్న దృశ్యాన్ని సాఫ్ట్‌వేర్ నిలబెట్టింది, నిలకడగా ఉన్న మచ్చకు ఆ వణుకు అంటగట్టింది. చుక్క చిన్నగా తిరుగాడుతుంటే కారణం దాదాపు ఇదే. ట్రాకర్‌కు ఇంత లేత మచ్చ దొరకడం కష్టం, కీఫ్రేములు చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. ప్రాజెక్టు ఇంకా చేతిలో ఉంటే మాత్రం స్టెబిలైజేషన్ తీసేసి, ముందు మచ్చ దిద్ది, తర్వాత మళ్లీ నిలబెట్టడమే మేలు. కెమెరాలో సెన్సర్ కదిలే స్టెబిలైజేషన్‌తో ఈ గొడవ లేదు, ఎందుకంటే దుమ్ము కూడా సెన్సర్‌తోపాటే కదులుతుంది. జూమ్ చేసిన షాట్లలో మచ్చ కొంచెం జరుగుతుంది, ఫ్రేము మూలల దగ్గర మరీను. ఒక షాట్ ఇంకోదానిలోకి కరిగే చోట మచ్చ బలం కూడా క్రమంగా తగ్గుతుంది, అక్కడ దిద్దుబాటునూ అదే లెక్కన తగ్గించాలి.

దిద్దింది సరిపోయిందో లేదో మామూలుగా చూస్తే తెలియదు. పైన తాత్కాలికంగా ఒక Curves పెట్టి కాంట్రాస్ట్‌ను విపరీతంగా పెంచి, రెట్టింపు వేగంతో నడిపి చూడాలి. కదిలే దృశ్యంలో కదలనిది ఏదైనా ఉంటే కన్ను ఇట్టే పట్టేస్తుంది. అప్పుడు కూడా ఏమీ కనిపించకపోతే పని అయినట్టే.

ఫైలు వాట్సాప్ గుండా వచ్చినదైతే మాత్రం భాగహారం అంత శుభ్రంగా రాదు. కంప్రెషన్ ఆకాశంలోని లేత తేడాలను చాలావరకు పారేసి ఉంటుంది. పెంచినప్పుడు ఆ చోట చిన్న చదరాలు మినుకుమంటాయి. అసలు ఫైలు సంపాదించడం ఒక్కటే దానికి మందు. అది దొరకకపోతే ఖాళీ ఆకాశం ఉన్నంతవరకు అతుకు వేసి, దాని మీద ఫ్రేము ఫ్రేముకు మారే కొంచెం గ్రెయిన్ చల్లాలి. గ్రెయిన్ లేని నున్నటి అతుకు చుట్టుపక్కల కదిలే నాయిస్ మధ్య గాజుపెంకులా కనిపించేస్తుంది.

లెన్స్ ఫ్లేర్, వేలిముద్ర మరకలు కూడా ఇదే కోవలోవి అనుకుంటే పొరపాటు. నీడ వెలుతురును తగ్గిస్తుంది, ఇవి లేని వెలుతురును తెచ్చి కలుపుతాయి. ముందు అద్దం మీద వేలి జిడ్డు ఉంటే దీపాల చుట్టూ చెదిరిన వెలుతురు ఫ్రేమంతా పొగలా పరుచుకుని నలుపు కాస్తా బూడిద రంగులోకి మారుతుంది. దాన్ని తీయాలంటే భాగించకూడదు, తీసివేయాలి. అదీ వెలుతురుకు నేరుగా సరిపోయే లీనియర్ విలువల్లోనే చేయాలి. ఫోన్లలో రాత్రిపూట లెన్స్ ఫ్లేర్‌గా కనిపించే ఆకుపచ్చ చుక్క ఫ్రేములో దీపానికి సరిగ్గా ఎదురుగా, మధ్యబిందువుకు అవతలివైపు ఉంటుంది. ఫోన్ తిప్పితే దీపం ఒకవైపు, చుక్క దానికి వ్యతిరేక దిశలో వెళ్తాయి. ఇలా కదులుతుంది కాబట్టే దానికి ఇంకో దారి దొరుకుతుంది. ఈ ఫ్రేములో చుక్క కప్పేసిన గోడ, పది ఫ్రేముల తర్వాత బయటపడుతుంది. ఆ ముక్కను తెచ్చి ఇక్కడ పెడితే అది ఊహించి నింపింది కాదు, నిజంగా తీసిన గోడే. చుక్క విలువ 255కు చేరి తెల్లగా పొంగిపోయిన చోట తీసివేతకు ఏమీ మిగలదు, అక్కడ పక్క ఫ్రేములే దిక్కు.