చాకు గాట్లలో మిగిలేది: చెక్క, వెదురు బోర్డుల కథ

కూరగాయలు, మాంసం కోసే చెక్క బోర్డులో క్రిములు దాక్కుంటాయి, ప్లాస్టిక్‌దే శుభ్రం అని చాలామంది నమ్మకం. చెక్క నీళ్లు పీలుస్తుంది, ప్లాస్టిక్ పీల్చదు కాబట్టి వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆహార శాస్త్రవేత్త డీన్ క్లైవర్ కూడా చెక్క బోర్డును ప్లాస్టిక్ అంత సురక్షితంగా ఎలా తయారుచేయాలో కనిపెడదామనే మొదలుపెట్టాడు. ఆయన, నెసె అక్ కలిసి సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాను రెండు రకాల బోర్డుల మీదా పోసి, కాసేపయ్యాక తిరిగి ఎన్ని దొరుకుతాయో చూశారు. 1994లో అచ్చయిన ఆ ఫలితాలు అనుకున్నదానికి పూర్తిగా ఎదురొచ్చాయి. చెక్క మీద పోసినవాటిలో చాలా వరకు కొద్ది నిమిషాల్లోనే పైన దొరకకుండా పోయాయి. ప్లాస్టిక్ మీద అలాగే ఉన్నాయి, రాత్రంతా తేమలో వదిలేస్తే పెరిగాయి కూడా.

మరి చెక్క మీదవి ఎక్కడికి పోయాయి? లోపలికే. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీళ్లు మోసిన సన్నటి గొట్టాలు, ఎండిన తర్వాత కూడా చెక్కలో అలాగే ఉంటాయి. పొడి చెక్క మీద తడి పడగానే ఆ గొట్టాలు దాన్ని లోపలికి లాగేసుకుంటాయి, తడితో పాటే బ్యాక్టీరియా కూడా పోతుంది. చెక్కను చీల్చి చూస్తే లోపల కొంతకాలం బతికున్నవి దొరికాయి, కానీ అవి పెరగలేదు, తిరిగి పైకీ రాలేదు, లోపలి తేమ ఆరేకొద్దీ చచ్చిపోయాయి. ప్లాస్టిక్‌కు ఈ దారి లేదు, దాని మీద పడింది దాని మీదే ఉంటుంది.

అసలు తేడా కనిపించేది బోర్డు కొత్తగా ఉన్నప్పుడు కాదు, చాకు గాట్లు పడ్డాకే. ఒక బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతో రెండు వంతులో ఉంటుంది. చాకు దిగిన గాటు అర మిల్లీమీటరు లోతున్నా, అందులో వందల బ్యాక్టీరియా ఒకదానిమీద ఒకటి నిలబడేంత చోటుంటుంది. పైగా పదునైన చాకు గాటు వెడల్పు చాలా తక్కువ, పీచు స్క్రబ్బర్ పోగు కూడా అందులోకి దూరదు. కొత్త ప్లాస్టిక్ బోర్డును చేత్తో కడిగితే శుభ్రమవుతుంది. గాట్లు పడి, వాటిలో కోడి కొవ్వు చేరిన ప్లాస్టిక్‌ను చేత్తో ఎంత తోమినా శుభ్రం చేయడం దాదాపు అసాధ్యమని ఆ పరిశోధనలోనే తేలింది. గాట్లు పడ్డ చెక్క మాత్రం కొత్త చెక్కలాగే తడిని లోపలికి పీల్చుకుంది.

అయితే చెక్కకు ఈ గుణం రెండు షరతుల మీదే ఉంటుంది, అవి తెలియకుండా చెక్కే మంచిదని చెప్పడం తప్పు. మొదటిది, చెక్క పొడిగా ఉండాలి. ముందే తడిసి గొట్టాలు నీళ్లతో నిండి ఉంటే కొత్తగా పడ్డ తడిని లాగే శక్తి దానికి మిగలదు. రెండోది కొవ్వు. మాంసం కొవ్వు పైన పొరలా పరుచుకుంటే గొట్టాల మూతులు మూసుకుపోతాయి, అప్పుడు చెక్క కూడా ప్లాస్టిక్‌లాగే ప్రవర్తిస్తుంది.

దీన్ని మన వంటింట్లో పెట్టి చూద్దాం. అనంతపురంలో మే నెల ఆదివారం, వంటింట్లో 36 డిగ్రీలు. కోడి పచ్చి ముక్కల్ని బోర్డు మీద చిన్నగా కోశారు, కొళాయి కింద పెట్టి చేత్తో ఒకసారి రుద్దారు, అదే తడి బోర్డు మీద ఎర్రగడ్డలు, కొత్తిమీర తరిగి పెరుగు పచ్చడిలో వేశారు. కోడి కూర ఉడుకుతుంది, దాంట్లో ఏమున్నా చస్తుంది. పెరుగు పచ్చడి ఉడకదు. చాలా ఇళ్లలో కడుపు పాడైతే కూరను అనుమానిస్తారు గానీ, ఆ పచ్చడి వైపు ఎవరూ చూడరు. ఇక ఆ బోర్డును అలాగే కడప బండ మీద బోర్లా పడేసి, నిద్రకు పోయారనుకోండి. బండకు, బోర్డుకు మధ్య తడి తెల్లారేదాకా ఆరదు. గాటులో వంద బ్యాక్టీరియా మిగిలాయనుకుందాం. ఆ వేడిలో, తినడానికి మాంసపు రసం దొరికితే అవి అరగంటకొకసారి రెట్టింపు కావడం పెద్ద విషయం కాదు. నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే వంద కాస్తా 25,600 అవుతాయి. తెల్లారి అదే బోర్డు మీద టమోటా కోస్తాం.

మన అవ్వల కాలంలో కత్తిపీట ఉండేది, కూరగాయ గాల్లోనే తెగి గిన్నెలో పడేది, కింద గాట్లు పడే చెక్కే లేదు. నిలబడి వండే బండ వచ్చాక బోర్డు వచ్చింది, బోర్డుతో పాటు ఈ టెన్షనూ వచ్చింది.

కడగడం దగ్గర వరుస ముఖ్యం. ముందు కొవ్వు పోవాలి, కాబట్టి పచ్చి మాంసం కోసిన వెంటనే, ఆరి పట్టుకోకముందే, చెయ్యి పట్టగలిగినంత వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్ తీసుకుని గాట్ల వెంట రుద్దాలి, గాట్లకు అడ్డంగా కాదు. గాట్లు ఎటు పోతే అటే పోవాలి. అంచుల్ని, వెనకవైపును కూడా తోమాలి, ఎందుకంటే రసం అంచుల మీదుగా కిందికి జారుతుంది. మన బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట సబ్బు నురగ తక్కువ వస్తుంది, అలాంటప్పుడు సబ్బు ఇంకాస్త ఎక్కువ వాడండి. తర్వాత మంచి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, నిలబెట్టాలి. పడుకోబెట్టకూడదు. రెండు వైపులా గాలి తగలాలి.

నా లెక్కలో ఈ పనంతటిలో ఆరబెట్టడమే సగం కంటే ఎక్కువ. రాయలసీమ గాలి ఎంత పొడిదో మనకు తెలుసు, బోర్డుకు ఇది వరమే. మిద్దె మీద ఎండలో పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో ఉన్నవాటిని చంపుతాయి గానీ సన్నటి గాటు అడుగుదాకా పోవు, పైగా మే ఎండలో ఒక వైపు గబగబా ఆరి, రెండో వైపు ఆరక చెక్క వంగిపోతుంది, పగులుతుంది. గాలి ఆడే నీడ చాలు. అలాగే రాత్రంతా సింకు నీళ్లలో నాననివ్వడం చెక్కకు, వెదురుకు రెండింటికీ చేటు.

బ్లీచ్ వాడాలా? పచ్చి మాంసం కోసే బోర్డుకు అప్పుడప్పుడు వాడొచ్చు. వాసన కలపని క్లోరిన్ బ్లీచ్ ద్రావణం ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు, 4 లీటర్ల నీళ్లలో కలిపి, బోర్డు మొత్తం తడిసేలా పోసి, కొన్ని నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టాలి. ఇది సబ్బుతో కడిగిన తర్వాతే చేయాలి, ఎందుకంటే క్లోరిన్ మాంసపు మురికితో, కొవ్వుతో కలిసి ఖర్చైపోతుంది, బ్యాక్టీరియా దాకా చేరదు. చెక్క కూడా చెట్టు పదార్థమే కాబట్టి దాంతోనూ కొంత ఖర్చవుతుంది, అందుకే బ్లీచ్ చెక్క మీద ప్లాస్టిక్ మీద చేసినంత బాగా పనిచేయదు. బ్లీచ్‌ను నిమ్మరసంతో గానీ, వెనిగర్‌తో గానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది, మూసిన వంటింట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

నిమ్మచెక్క, ఉప్పు వేసి రుద్దితే ఎర్రగడ్డ వాసన పోతుంది, పసుపు మరక తగ్గుతుంది. అంతవరకే. దాన్ని క్రిముల్ని చంపే పద్ధతిగా లెక్కలో వేసుకోకండి.

వెదురు సంగతికి వస్తే, అది చెట్టు కాదు, గడ్డి జాతి. సన్నటి పట్టీలుగా కోసి, జిగురుతో అతికించి, ఒత్తి బోర్డు చేస్తారు. చాలా చెక్కల కంటే గట్టిది, కాబట్టి గాట్లు లోతుగా పడవు, కానీ అదే గట్టితనం వల్ల, అందులో ఉండే సిలికా వల్ల చాకు పదును త్వరగా పోతుంది. దాని బలహీనత గాట్లలో కాదు, అతుకుల్లో ఉంది. నానడం, ఎండడం మళ్లీమళ్లీ జరిగితే పట్టీల మధ్య జిగురు విడిపోయి దారమంత సందు వస్తుంది. ఆ సందు చాకు గాటు కంటే ఎన్నో రెట్లు లోతు, ఏ బ్రష్షూ లోపలికి పోదు.

పగుళ్లు రాకుండా నూనె పట్టించమంటారు, మంచిదే. అయితే మన ఇళ్లలో చేతికి దొరికేది శెనక్కాయ నూనె. అది చెక్కలో గట్టిపడదు, కొన్ని వారాలకు గాలి తగిలి కనరెక్కుతుంది, జిగటగా తయారై దుమ్ము పట్టుకుంటుంది. తినడానికి పనికొచ్చే రకం మినరల్ ఆయిల్ అలా చెడిపోదు. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ పేరుతో దొరికేది అదే. బాగా ఆరిన బోర్డుకు పలచగా రాసి, రాత్రంతా ఉంచి, మిగిలింది తుడిచేస్తే చాలు.

మాంసం కొట్టే అంగళ్లలో చింతమొద్దు గమనించారా? చెట్టు మానును అడ్డంగా కోసిన ముక్క అది, పోగులు నిలువుగా పైకి చూస్తుంటాయి. కత్తి పడినప్పుడు పోగుల మధ్యకు దిగుతుంది, పోగులు పక్కకు జరిగి మళ్లీ దగ్గరకొస్తాయి. ఇంట్లో వాడే బోర్డులో పోగులు పడుకుని ఉంటాయి, చాకు వాటిని అడ్డంగా తెంపేస్తుంది, అందుకే గాటు అలాగే ఉండిపోతుంది. మొద్దు పైభాగం మెత్తబడితే దాన్ని చెక్కేస్తే కింద కొత్త చెక్క దొరుకుతుంది. ఇంటి చెక్క బోర్డుకూ ఇదే ఉపాయం పనికొస్తుంది: వడ్రంగితో చిత్రిక పట్టించండి, లేదా 80 నంబరు ఎమరీ పేపర్‌తో గాట్లు పోయేదాకా, తర్వాత 120, 220 నంబర్లతో నున్నగా రుద్దండి. పలచని ప్లాస్టిక్ బోర్డును ఇలా బాగుచేయలేం.

ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి నెలకొకసారి ఇది చేసి చూడండి. బోర్డును కడిగి, తుడిచి, వెలుతురులో నిలబెట్టండి. పైభాగం ఆరి లేతరంగుకు వచ్చాక కూడా కొన్ని గీతలు నల్లగా, తడిగా మిగిలి ఉంటాయి. తడి ఎక్కడ ఆగుతోందో అవే చూపిస్తాయి. ఆ గీతల మీద గోరు అడ్డంగా నడిపితే పట్టుకుని ఆగితే, రుద్దించే సమయం వచ్చినట్టే. రుద్దాక కూడా ఆ నల్లగీత పోకపోతే అది గాటు కాదు, పగులు. మర్నాటికి పూర్తిగా ఆరినా పుల్లటి వాసన వస్తున్నా, బూజు చుక్కలు రుద్దితే పోకుండా లోపలికి దిగినా, వెదురు పట్టీల అతుకులో కాగితం అంచు దూరుతున్నా ఇంక ఆ బోర్డును వంటకు వాడొద్దు. పగుల్లోకి జిగురు నింపి బతికించే ప్రయత్నం చేయకండి, జిగురు కింద తడి చిక్కుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు వీలైతే రెండు తీసుకోండి, పచ్చి మాంసానికి వాడేదాని అంచు మీద చాకుతో గుర్తు చెక్కి పెడితే ఇంట్లో ఎవరు వండినా తారుమారు కాదు.