ప్రైవేట్ లేబుల్ ఒప్పందం: కనీస ఆర్డరు, ఆర్ట్‌వర్క్, ప్రత్యేక హక్కు – అపోహలు, వాస్తవాలు

కొత్త ఉత్పత్తిని సొంత ఫ్యాక్టరీలో కాకుండా కాంట్రాక్ట్ తయారీదారు దగ్గర తమ పేరుతో, అంటే ప్రైవేట్ లేబుల్ పద్ధతిలో, చేయించుకోదలచినవారు నన్ను సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు: కనీసం ఎన్ని తీసుకోవాలి, డిజైన్‌ను ఎవరు ఆమోదించాలి, ఈ ఉత్పత్తి ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంటారా అని. వీటిని విడివిడిగా అడిగి విడివిడిగా జవాబులు రాసుకుంటారు కాని, ముద్రించిన ప్యాకింగ్ సామగ్రి ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి ముడిపెడుతుంది. అందువల్ల 100 గ్రాముల ట్యూబులో నింపే ఒక చర్మ క్రీమును ఉదాహరణగా తీసుకుని, ఈ విషయంలో తరచుగా వినిపించే అపోహలను పరిశీలిద్దాం.

అపోహ: కనీస ఆర్డరు అంటే ఒక్కటే సంఖ్య, బేరమాడితే తగ్గుతుంది.

వాస్తవం: తయారీదారు "5,000" అని చెప్పినప్పుడు ఆ సంఖ్య వెనుక కనీసం రెండు వేర్వేరు పరిమితులు ఉంటాయి. మొదటిది క్రీమును కలిపే పాత్రకు సంబంధించినది. అది 500 కిలోల పాత్ర అనుకుందాం. పాత్ర గోడలకు, పైపులకు అంటుకుని పోయేది, నింపే యంత్రాన్ని సరిచేసేటప్పుడు వృథా అయ్యేది, బరువు తగ్గకుండా ఉండేందుకు ప్రతి ట్యూబులో కాస్త ఎక్కువగా నింపేది తీసివేస్తే మనకు దక్కేది సుమారు 4,750 ట్యూబులు. పాత్రను పావు వంతే నింపి తక్కువ చేయమంటే చాలాసార్లు కుదరదు, ఎందుకంటే క్రీమును మెత్తగా కలిపే పరికరం పూర్తిగా మునిగితే తప్ప నూనె, నీరు సరిగా కలిసి నిలవవు. ఇది బేరానికి లొంగే విషయం కాదు. అంతకన్నా చిన్న పాత్ర ఉందా అని అడగడమే సరైన ప్రశ్న.

రెండవ పరిమితి ట్యూబులు ముద్రించే సంస్థది. మన ఉదాహరణలో అది 10,000 కంటే తక్కువకు ముద్రణ పెట్టదనుకుందాం. అప్పుడు మొదటి బ్యాచ్ అయ్యాక, యంత్రం సరిచేయడంలో పాడైనవి పోగా, 5,000కు పైగా ఖాళీ ట్యూబులు గోదాములో మిగులుతాయి. కొటేషన్‌లో ఒక్కో ట్యూబు ధర మాత్రమే కనిపిస్తుంది. మిగిలినవి ఎవరి సొత్తు, ఎంతకాలం నిల్వ ఉంచుతారు, లేబుల్‌పై ఒక్క వాక్యం మారినా వాటి ఖర్చు ఎవరు భరించాలి అన్నవి సాధారణంగా అందులో ఉండవు. మొదటి ఉత్తరంలోనే ఈ ప్రశ్నలు అడగాలి. రెండవ బ్యాచ్ ఎప్పుడు అవసరమో నమ్మకంగా చెప్పలేనివారు ముద్రణ లేని తెల్ల ట్యూబుకు స్టిక్కర్ లేబుల్ అంటించుకోవడం మేలని నా అభిప్రాయం. అందం కాస్త తగ్గినా, డిజిటల్ పద్ధతిలో ముద్రించే లేబుళ్లను తక్కువ సంఖ్యలోనే తెప్పించుకోవచ్చు.

మూడు పరిమళాలతో ఒకే క్రీమును తేవాలనుకునేవారు ఇంకొకటి అడగాలి: కనీస సంఖ్య ప్రతి పరిమళానికా, మొత్తానికా? పరిమళాన్ని సాధారణంగా క్రీము చల్లబడ్డాకే కలుపుతారు కాబట్టి, పరిమళం లేని ఒకే మూల క్రీమును చేసి చిన్న పాత్రల్లోకి పంచుకునే వీలు కొన్ని ఫ్యాక్టరీల్లో ఉంటుంది. అడగనిదే ఆ వీలును ఎవరూ ముందుకు తేరు.

అపోహ: డిజైనర్ పంపిన పీడీఎఫ్‌ను మనం చూసి సరేనంటే ఆర్ట్‌వర్క్ ఆమోదం పూర్తయినట్టే.

వాస్తవం: తెరపై కనిపించే ఫైలు అక్షరాలు సరిచూడటానికి మాత్రమే పనికివస్తుంది. అసలు తప్పులు ట్యూబు నిర్మాణంలో బయటపడతాయి. ట్యూబు అడుగున నొక్కి అతికించే పట్టీలో సిరా గాని వార్నిష్ గాని ఉంటే అతుకు బలహీనపడవచ్చు, పైగా బ్యాచ్ నంబరు, గడువు తేదీ పడేది సాధారణంగా అక్కడే. ఆ పక్కనే యంత్రపు సెన్సర్ చదివే చిన్న ముదురు గుర్తు ఒకటి ఉంటుంది. ముఖభాగం ఎటు ఉందో యంత్రానికి తెలిసేది దానివల్లే. డిజైనర్ నేపథ్యాన్ని ముదురు నీలంగా మార్చి ఆ గుర్తును అందులో కలిపేస్తే, పేరు పక్కకు తిరిగిన ట్యూబులు వరుసగా వస్తాయి. అందుకే కొలతల నమూనా గీతను ట్యూబు సంస్థ నుంచే తెప్పించుకుని, దానిపైనే డిజైన్ వేయించాలి. బార్‌కోడ్ విషయంలోనూ ట్యూబు వంపు అడ్డొస్తుంది. సన్నని ట్యూబుపై గీతలను నిచ్చెన మెట్లలా అడ్డంగా పెడితే స్కానర్ సులువుగా చదువుతుంది. ఈఏఎన్-13 బార్‌కోడ్‌ను అసలు పరిమాణంలో 80 శాతం కంటే చిన్నది చేయకూడదు, ఇరువైపులా ఖాళీని ఆక్రమించకూడదు.

రంగు కోసం అసలు ట్యూబు పదార్థంపైనే ముద్రించిన నమూనా అడగండి. అనుమతించదగిన లేత, ముదురు హద్దులను చూపే నమూనాలపై ఇరుపక్షాలూ సంతకం చేసి చెరొకటి ఉంచుకుంటే, తర్వాత "మేము చూసిన రంగు ఇది కాదు" అనే వాదన తలెత్తదు.

ఇక సంతకం. మీరు ఆమోదించిన ఆర్ట్‌వర్క్‌లో తప్పు ఉంటే, ముద్రణ అయిపోయిన ట్యూబుల ఖర్చు మీదేనని చాలా ఒప్పందాలు చెబుతాయి. దీన్ని పూర్తిగా అంగీకరించవలసిన పనిలేదు. పదార్థాల జాబితా, నికర బరువు, తయారీదారు వివరాలు ఫ్యాక్టరీకే తెలిసినవి కాబట్టి వాటిపై ఫ్యాక్టరీ సంతకం చేయాలి. బ్రాండ్ పేరు, ప్రయోజనాల గురించి చెప్పే వాక్యాలు, డిజైన్ మీ బాధ్యత. ముద్రణకు ఆర్డరు వెళ్లాక ఫ్యాక్టరీ ఒక పదార్థాన్ని మార్చితే జాబితా తప్పవుతుంది. ఆర్ట్‌వర్క్ వెర్షన్ సంఖ్య పక్కనే ఫార్ములా వెర్షన్ సంఖ్య కూడా రాయిస్తే అది ఎవరి వల్ల జరిగిందో కాగితమే చెబుతుంది.

అపోహ: మన పేరుతో వస్తుంది కాబట్టి ఆ ఉత్పత్తి మనకే ప్రత్యేకం.

వాస్తవం: ప్రైవేట్ లేబుల్‌లో ప్రధానంగా మీది ట్యూబుపై ఉన్న పేరే. ఫ్యాక్టరీ దగ్గర సిద్ధంగా ఉన్న ఫార్ములాను మీరు తీసుకుంటే, అదే క్రీము ఇతర ట్యూబుల్లోనూ అమ్ముడవుతుంది, అందులో మోసమేమీ లేదు. ప్రత్యేక హక్కు కావాలంటే అది దేనిపైనో పేరు పెట్టి అడగాలి: ఫార్ములాపైనా, మీకోసం తయారైన పరిమళంపైనా, ఒక ప్రాంతంలో లేదా ఒక అమ్మకపు మార్గంలోనా? పరిమళంపైన మాత్రమే అడిగితే చాలా ఫ్యాక్టరీలు తేలికగానే ఒప్పుకుంటాయి, చిన్న బ్రాండుకు అది తరచుగా సరిపోతుంది కూడా.

ఫార్ములాపై హక్కును దాదాపు ఎప్పుడూ ఏడాది పరిమాణంతో ముడిపెడతారు. ఉదాహరణకు 12 నెలల్లో 20,000 ట్యూబులు తీసుకోకపోతే హక్కు పోతుందని రాస్తారు. ఇక్కడ గడియారం సంతకం రోజు నుంచి కాక మొదటి సరుకు బయలుదేరిన రోజు నుంచి మొదలవ్వాలి, లేకుంటే ట్యూబుల ముద్రణకు, ఆమోదాలకు పట్టిన నెలలన్నీ మీ ఖాతాలో పోతాయి. లెక్కించేది కూడా అందిన సరుకు కాక మీరు ఇచ్చిన ఆర్డరు కావాలి. ఫ్యాక్టరీ ఆలస్యం వల్ల మీ హక్కు పోకూడదు. "ఇలాంటి ఉత్పత్తి" అంటే ఏమిటో నిర్వచించకపోతే, పరిమళం మార్చిన అదే క్రీమును పొరుగు బ్రాండుకు ఇచ్చి వేరే ఉత్పత్తి అంటారు. కాబట్టి ప్రధాన పదార్థాల శాతాలను ఒక అనుబంధంలో పెట్టి, వాటితో సరిపోలేదాన్ని అలాంటి ఉత్పత్తిగా పరిగణించాలని రాయించండి.

అపోహ: విడిపోయేటప్పుడు చూసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికి ఫార్ములా వారి దగ్గర, మీ పేరున్న ఖాళీ ట్యూబులు వారి గోదాములో ఉంటాయి. ఫార్ములాను కొనుక్కునే ధరను మొదటే రాయించుకుంటే అది సాధారణంగా ఒప్పుకోదగ్గదిగా ఉంటుంది. ట్యూబుల విషయంలో, ఒప్పందం ముగిసిన 30 రోజుల్లో వాటిని లెక్కించి మీకు అప్పగించడమో, మీ ప్రతినిధి ఎదుట కత్తిరించి ధ్వంసం చేసి ఆ మేరకు పత్రం ఇవ్వడమో చేయాలని, ముద్రణ పలకలకు మీరు డబ్బు కట్టి ఉంటే వాటిని కూడా అదే గడువులో తిరిగి ఇవ్వాలని షరతు పెట్టండి.