‘స్వచ్ఛందంగా వదులుకోవడం’ అంటే రాజీనామా ఒక్కటేనా?

తెలంగాణలో బీఆర్‌ఎస్ గుర్తుపై గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారంటున్న పది మంది ఎమ్మెల్యేల ఫిరాయింపు గొడవ ఎప్పుడు రాజుకున్నా చర్చ స్పీకర్ చుట్టూ, గడువు చుట్టూ తిరుగుతుంది. అసలు ముడి మాత్రం రాజ్యాంగం పదో షెడ్యూలులోని చిన్న మాట దగ్గర ఉంది. పార్టీ సభ్యత్వాన్ని ‘స్వచ్ఛందంగా వదులుకున్న’ సభ్యుడు అనర్హుడని అది చెబుతుంది. ఆ మాటను ఎలా చదవాలి?

చట్టాన్ని చదవడానికి ఇంగ్లండ్ కోర్టుల నుంచి మనకు వచ్చిన పద్ధతులు మూడు. మొదటిది లిటరల్ రూల్. రాసిన మాటకు మామూలు అర్థమే తీసుకోవాలి, ఫలితం ఎలా ఉన్నా సరే. 1868లో అక్కడ ఒక మనిషి చనిపోయిన ఓటరు పేరుతో ఓటు వేశాడు. ‘ఓటు హక్కు ఉన్న వ్యక్తి’గా నటిస్తే నేరం అని చట్టంలో ఉంది. చనిపోయినవాడికి ఓటు హక్కు ఉండదు కదా! కేసు కొట్టేశారు.

రెండోది గోల్డెన్ రూల్. మామూలు అర్థం మరీ అసంబద్ధంగా తేలితే, ఆ మేరకు అర్థాన్ని సవరించుకోవచ్చు. నిషేధిత స్థలం ‘సమీపంలో’ కాపలాదారుకు అడ్డు తగలడం నేరమైనప్పుడు, లోపలే నిలబడి అడ్డు తగిలిన మనిషి తప్పించుకోగలడా? కుదరదని 1964లో కోర్టు చెప్పింది. సమీపం అంటే లోపల కూడా అని చదివింది.

మూడోది మిస్చిఫ్ రూల్. 1584 నాటి హేడన్ కేసు దీనికి మూలం. చట్టం రాకముందు పరిస్థితి ఏమిటి, అందులో ఏ కీడు మిగిలింది, దానికి ఏ మందు వేశారు, ఎందుకు వేశారు అని అడిగి, ఆ కీడు ఆగేలా మాటను చదవాలి.

పదో షెడ్యూలు 1985లో ఏ కీడును ఆపడానికి వచ్చిందో ఊహించనక్కర్లేదు. రాజకీయ ఫిరాయింపులు ఒక కీడు అని సవరణ బిల్లు ఉద్దేశాల్లోనే రాశారు. కానీ ఎమ్మెల్యే రాజీనామా రాయకపోతే వదులుకున్నట్టు కాదనే వాదన వెంటనే పుట్టింది. అక్షరార్థంగా చూస్తే అది బలమైన వాదనే.

మలుపు గోవాలో వచ్చింది. 1990 డిసెంబరులో మహారాష్ట్రవాదీ గోమంతక్ పార్టీకి చెందిన ఇద్దరు ఎమ్మెల్యేలు ప్రత్యర్థి కూటమి నాయకుడితో కలిసి రాజ్‌భవన్‌కు వెళ్లారు. తమ పార్టీకి తాము మద్దతు ఇవ్వడం లేదని గవర్నరుకు చెప్పారు. రాజీనామా చేయలేదు. వాళ్ల అనర్హతను 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ‘స్వచ్ఛందంగా వదులుకోవడం’, ‘రాజీనామా’ ఒకటి కావని, మొదటిది విశాలమైన మాటని, ప్రవర్తనను బట్టి కూడా తేల్చవచ్చని చెప్పింది. ఇవాళ్టి గొడవంతా ఈ తీర్పు నీడలోనే నడుస్తోందని నా అభిప్రాయం.

దాన్ని ఇక్కడికి తెచ్చి చూడండి. 2023లో బీఆర్‌ఎస్ గుర్తుపై ఖైరతాబాద్‌లో గెలిచిన దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. మరో పార్టీ గుర్తుపై ఓటు అడిగిన మనిషి పాత పార్టీని వదులుకోలేదని చెప్పాలంటే అక్షరాన్ని చాలా గట్టిగా పట్టుకోవాలి. నియోజకవర్గం పనుల కోసం ముఖ్యమంత్రిని కలిశామనే ఎమ్మెల్యేల సంగతి వేరు. కలవడం ఒక్కటే ఫిరాయింపు కాదు. అక్కడ ప్రవర్తనకు సాక్ష్యం కావాలి.

అక్షరం ఇంకో చోట బీఆర్‌ఎస్‌కే పనికొచ్చింది. 2019లో కాంగ్రెస్ శాసనసభాపక్షంలోని 18 మందిలో 12 మంది అప్పటి టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండు వంతులు అంగీకరిస్తే విలీనం జరిగినట్టే భావించాలని పదో షెడ్యూలు నాలుగో పేరా అంటుంది. లెక్క సరిపోయింది. ముందు అసలు పార్టీ విలీనం కావాలి కదా అన్నది రెండో పక్షం ప్రశ్న. గోవాలో ఇలాంటి కేసులోనే 2022లో బాంబే హైకోర్టు లెక్క వైపే నిలిచింది. 2024లో బీఆర్‌ఎస్‌కు ఉన్న 38 మందిలో పది మందికి ఆ దారి లేకపోయింది. 26 మంది కావాల్సి ఉండేది. అందుకే ఈసారి వాదన ‘వదులుకోవడం’ మీదికి వచ్చింది.

గడువు సంగతీ ఇలాంటిదే. ఎన్ని రోజుల్లో తేల్చాలో షెడ్యూలులో లేదు. లేదు కాబట్టి సభ కాలం ముగిసేదాకా ఆగవచ్చంటే చట్టమే వృథా అవుతుంది. మణిపుర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప మూడు నెలలు సమంజసమైన గడువు అంది. నా లెక్కలో ఇది గోల్డెన్ రూల్ దారి. 2025 జులై 31న తెలంగాణ పిటిషన్లలో కూడా మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. ఎవరు వదులుకున్నారు, ఎవరు వదులుకోలేదు అన్నది మాత్రం తాను చెప్పలేదు. స్పీకర్‌కే వదిలింది.