సబ్‌టైటిల్‌లో ఒక్క మాట కూడా పోకూడదా? అపోహలు - వాస్తవాలు

"అన్ని మాటలూ వచ్చాయా అండీ? ఒక్కటి కూడా పోలేదు కదా?"

సబ్‌టైటిల్ ఫైల్ పంపగానే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. పోయిన నెలలోనే ముగ్గురు అడిగారు. చదవడానికి టైం సరిపోతోందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఈ పనిలో ఎక్కువ నష్టం చేసే అపోహ ఈ ప్రశ్నలోనే ఉంది కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

అపోహ: పలికిన ప్రతి మాటా పడితేనే సబ్‌టైటిల్ కరెక్ట్. మాటతో మొదలై మాటతో ఆగితే టైమింగ్ కూడా కరెక్ట్.

ఆ మధ్య ఒక డాక్టరుగారి వీడియో నా దగ్గరికి వచ్చింది. బీపీ గురించి తెలుగులోనే మాట్లాడారు. వినికిడి తగ్గినవాళ్ల కోసం ఎవరో అప్పటికే తెలుగు సబ్‌టైటిళ్లు వేశారు. ఎక్కడా అక్షర దోషం లేదు, ఒక్క పదం కూడా జారిపోలేదు. ఒకసారి చూసి పెట్టమని పంపారు. ఆ రాత్రి మా పెద్దమ్మకి చూపించాను. ఆవిడకి చెవి సరిగా వినపడదు, రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది. కాసేపు చూసి నన్ను అడిగింది: "బీపీ తగ్గితే మాత్రలు ఆపేయమంటున్నాడా ఏమిట్రా ఈయన?"

ఆయన చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన నోటి వెంట వచ్చిన వాక్యం ఇది: "అంటే చూడండి, మరి బీపీ నార్మల్‌కి వచ్చేసింది కదా అని చెప్పి మీ అంతట మీరు ఈ మాత్రలు ఆపేయడం అనేది మాత్రం దయచేసి చేయకండి." గబగబా మాట్లాడే మనిషి, 6 సెకన్లలో అనేశారు. సబ్‌టైటిల్ వేసినవాళ్లు ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా విరిచి మూడు ముక్కలు చేశారు:

```
21
00:01:14,200 --> 00:01:16,600
అంటే చూడండి, మరి బీపీ నార్మల్‌కి
వచ్చేసింది కదా అని చెప్పి

22
00:01:16,600 --> 00:01:18,500
మీ అంతట మీరు ఈ మాత్రలు ఆపేయడం

23
00:01:18,500 --> 00:01:20,200
అనేది మాత్రం దయచేసి చేయకండి
```

చదివే వేగానికి నాదొక లెక్క ఉంది. సెకనుకు 7 అక్షరాలు. గుణింతం, ఒత్తు అన్నీ కలిపి కంటికి ఒక్కటిగా కనిపించేదాన్ని ఒక అక్షరంగా లెక్కపెడతాను. "మాత్రలు" అంటే మూడు, "స్త్రీ" అంటే ఒకటి. ఇది ఎక్కడో రాసిపెట్టిన నియమం కాదు, నేను పని చేస్తూ కుదుర్చుకున్న కొలత. పెద్దవాళ్లు, పిల్లలు చూసే వీడియో అయితే 5 లేదా 6కి దిగుతాను.

ఆ లెక్కన పై మూడింటినీ చూడండి. మొదటిదాంట్లో 23 అక్షరాలున్నాయి, చదవడానికి 3.3 సెకన్లు కావాలి, ఉన్నది 2.4. రెండోది 14 అక్షరాలు, అంచున ఉంది. మూడోది 13, అదీ కొంచెం తక్కువే పడింది. అంటే మొదటిది పూర్తి కాకుండానే రెండోది వచ్చేసింది. కన్ను తడబడుతూ రెండోదాన్ని అందుకుంది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు మాత్రల స్ట్రిప్ తీసి కెమెరాకి చూపించారు. పెద్దమ్మ చూపు దాని మీదకి పోయింది. ఎవరి చూపైనా అటే పోతుంది, బొమ్మ చూడటానికే కదా వీడియో. ఆవిడ మళ్లీ కిందికి చూసేసరికి మూడోది వెళ్లిపోయింది. బుర్రలో మిగిలింది "మీ అంతట మీరు ఈ మాత్రలు ఆపేయడం" ఒక్కటే.

ఇక్కడ తెలుగులో ఉన్న ఒక ఇబ్బంది గమనించండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, వద్దు అనే మాట ఆ క్రియతో పాటే చివరికి పోతుంది. కూడదు, చేయకండి, కాదు, లేదు, ఏదైనా సరే వాక్యం తోకలోనే ఉంటుంది. కాబట్టి ఊపిరిని బట్టి వాక్యాన్ని విరిస్తే చేయొద్దన్న పని ఒక సబ్‌టైటిల్‌లోనూ, వద్దన్న మాట ఇంకోదాంట్లోనూ పడతాయి. మందుల మోతాదు, పురుగుమందుల వాడకం, కరెంటు పని నేర్పే వీడియోల్లో ఇలా విరిచింది కనిపిస్తే నేను ముందు దాన్నే సరిచేస్తాను, మిగతావన్నీ తర్వాత.

నేను మార్చింది ఇలా ఉంది:

```
21
00:01:14,200 --> 00:01:20,200
బీపీ నార్మల్‌కి వచ్చిందని
మీ అంతట మీరు ఈ మాత్రలు దయచేసి ఆపేయకండి
```

50 అక్షరాలు 29 అయ్యాయి. చదవడానికి 4 సెకన్ల పైచిలుకు చాలు, మన దగ్గర 6 ఉన్నాయి. స్ట్రిప్ చూసి వచ్చినా ఇంకా అక్కడే ఉంటుంది. "అంటే చూడండి", "మరి", "అని చెప్పి", "అనేది మాత్రం" పోయాయి. అవి ఆయన ఆలోచించుకోవడానికి వాడిన ఊతపదాలు, చెప్పదలచుకున్న విషయంలో భాగం కావు. "దయచేసి" ఉంచాను. చోటుంది, పైగా ఆ బతిమాలడం ఆయన నిజంగా అన్నది. లైను కూడా అర్థం విరిగే చోటే విరిచాను: కారణం పైన, చేయకూడని పని వద్దన్న మాటతో కలిపి కింద.

తగ్గించడమంటే ఇష్టం వచ్చినట్టు కోయడం కాదు. వినపడనివాళ్లు "మాకు సగమే చెబుతున్నారు" అని బాధపడటం నేను విన్నాను, అది న్యాయమైన బాధ. అందుకే నేను ముందు టైం పెంచడానికి చూస్తాను, అది కుదరకపోతేనే మాట తగ్గిస్తాను. మనిషి మాట ఆపాక ఇంకెవరూ అందుకోకపోతే సబ్‌టైటిల్‌ని ఇంకో అర సెకను, అవసరమైతే సెకను దాకా ఉంచొచ్చు. చాలామంది ఈ చోటు వాడుకోరు, గొంతు ఆగగానే తీసేస్తారు. తగ్గించక తప్పనప్పుడు కూడా అంకెలు, పేర్లు, కాదు-లేదు-వద్దు, "అయితే", "తప్ప" లాంటివి ముట్టుకోను. పాట, పద్యం, సాక్ష్యం చెబుతున్న మనిషి మాట అసలే ముట్టుకోను. యాస సంగతీ అంతే. మెదక్ రైతు "పోతున్న" అంటే దాన్ని "వెళ్తున్నాను" అని దిద్దితే అది తప్పు సబ్‌టైటిల్. ఆయన అన్నది అది కాదు.

మిగతా టైమింగ్ అంతా చదవడానికి పట్టే టైం చుట్టూ తిరిగేదే. "అవును" అన్న ఒక్క మాటకైనా సెకను తగ్గకుండా ఇస్తాను. ఎంత పెద్దదైనా 7 సెకన్లు దాటనివ్వను, దాటితే జనం మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెడతారు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు ఫ్రేములు ఖాళీ వదలాలి. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది సెకనులో 8 శాతమే, కానీ ఆ చిన్న రెప్పపాటు లేకపోతే మాట మారిందని కంటికి తెలియదు. పైన పాత ఫైల్లో ఆ ఖాళీ లేదు, చూడండి. షాట్ మారే చోట సబ్‌టైటిల్ రెండు మూడు ఫ్రేములు అవతలికి వేలాడితే మెరిసినట్టవుతుంది. దాన్ని కట్ దగ్గరే ఆపాలి, లేదా కట్ దాటాక కనీసం అర సెకను ఉండనివ్వాలి.

ఒక టెస్ట్ మాత్రం తప్పకుండా చేయండి: సౌండ్ తీసేసి, ఆ వీడియో అంతకుముందు చూడని మనిషికి చూపించండి. మీరు చూస్తే పనికిరాదు. పది సార్లు విన్న మాటలు మీకు కంఠతా వచ్చేసి ఉంటాయి, మీ కన్ను చదవకుండానే చదివినట్టు అనుకుంటుంది. నేను ఇన్నేళ్ల తర్వాత కూడా నా పనిని నేను నమ్మను, పెద్దమ్మకే చూపిస్తాను.

అపోహ: సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తే తప్పు, లేకపోతే ఒప్పు.

లైనుకు 42 అక్షరాలు అన్న హద్దు, సెకనుకు ఇన్ని అన్న హద్దు చూసి కొత్తవాళ్లు చాలా టెన్షన్ పడతారు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా లెక్కపెట్టేది యూనికోడ్ సంకేతాలని, మన కంటికి కనిపించే అక్షరాలని కాదు. "స్త్రీ" దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "కల" దానికి రెండు. "నార్మల్‌కి"లో ల్ తర్వాత ఒత్తు కాకుండా ఆపడానికి పెట్టే కనిపించని సంకేతం కూడా లెక్కలోకి వస్తుంది. ఎరుపు పోగొట్టడానికి ఒక కుర్రాడు "అస్సలు" తీసేసి నాకు చూపించాడు, ఆ వాక్యానికి బలమంతా అందులోనే ఉంది. భయపడకండి. ఆ ఎరుపు ఇక్కడ ఒకసారి చూడమని చెప్పే గుర్తు మాత్రమే. అక్కడ ఆగి అక్షరాలు మీరే లెక్కపెట్టుకోండి.

అపోహ: మాట ముందో వెనకో పడుతుంటే మొత్తం ఫైల్‌ని రెండు సెకన్లు జరిపితే సరిపోతుంది.

మొదట్లోనూ చివర్లోనూ ఒకే తేడా ఉంటేనే సరిపోతుంది. మొదట సరిగ్గా ఉండి పోనుపోను దూరమవుతుంటే ఫ్రేమ్ రేట్ తేడా. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన టైం చేసిన ఫైల్‌ని 25 మీద నడిచే కాపీకి పెడితే గంటకి దాదాపు రెండున్నర నిమిషాలు తేడా వస్తుంది. ఎంత జరిపినా అది పోదు, రేటు మార్చాలి. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి తేడా వచ్చి అక్కడినుంచి అలాగే ఉంటే, ఎవరో ఆ సీను కత్తిరించారని అర్థం. అందుకే ఎడిటింగ్ పూర్తిగా ముగిశాకే నాకు వీడియో పంపమంటాను.

అపోహ: నా కంప్యూటర్లో బాగా కనిపిస్తే అందరికీ బాగానే కనిపిస్తుంది.

కనిపించదు. అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్‌లోకి మార్చకుండా పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. నోట్‌ప్యాడ్‌లో `ANSI` కింద సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది, ఇక తిరిగి రాదు. `UTF-8` ఎంచుకోండి.

వీడియో మీదే అచ్చుగా ముద్రించేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలి రెండూ చదవలేకుండా అవుతాయి. ffmpeg అనే ప్రోగ్రాంలో నేను వాడే ఆదేశం ఇది:

```
ffmpeg -i video.mp4 -vf "subtitles=te.srt:force_style='FontName=Noto Sans Telugu'" -c:a copy out.mp4
```

మొత్తం వీడియో ముద్రించే ముందు ఒక్క నిమిషం ముక్క తీసి, పై లైనులో "రాష్ట్రం", కింది లైనులో "స్త్రీ" పెట్టి చూడండి. చూడటం కూడా ఫోన్ తెర మీద చూడండి, జనం ఎక్కువగా చూసేది అక్కడే.