మాట మార్చినా స్పామ్‌లోకే: బల్క్ మెయిళ్ల తగాదా వెనుక కథ

నిబంధనలు పాటించని బల్క్ మెయిళ్లను జీమెయిల్ 2025 నవంబరు నుంచి మరింత గట్టిగా తిప్పికొడుతోంది. దాంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. ‘ఉచితం’ అన్న మాట తీసేశాం, లింకు ఒక్కటే పెట్టాం, అయినా స్పామ్‌లో పడుతోందేమని పంపేవారి మొర.

దీనికి జవాబు 2024 ఫిబ్రవరిలో ఉంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లకు మించి పంపేవారు SPF, DKIM, DMARC అనే మూడు గుర్తింపు పద్ధతులతో తామెవరో రుజువు చేసుకోవాలని గూగుల్ అప్పుడే షరతు పెట్టింది. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వైదొలిగే వీలుండాలంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘ఇది స్పామ్’ అని నొక్కేవారు 0.1 శాతంలోపే ఉండాలి, 0.3 శాతానికి ఎన్నడూ చేరకూడదు. 5,000 మెయిళ్లు ఇన్‌బాక్సులకు చేరితే పదిహేను మంది విసుక్కున్నా చాలు, హద్దు తాకినట్టే. తీర్పు చెప్పేది మెయిల్ అందుకున్నవారే కాబట్టి, వాక్యాలు ఎంత దిద్దినా అడగనివారికి పంపిన మెయిల్ నిలబడదు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. శాతం కట్టేది ఇన్‌బాక్సుకు చేరిన మెయిళ్ల మీదే. మెయిళ్లన్నీ నేరుగా స్పామ్‌లో పడుతుంటే ఫిర్యాదు చేసేవారే ఉండరు, అంకె అందంగా కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోయేవారికి కొదవ లేదు.

మాటలు మారిస్తే గట్టెక్కుతామన్న నమ్మకం 2002 నాటిది. పదాల లెక్కతో స్పామ్‌ను పట్టే ఫిల్టర్లు అప్పుడే ప్రచారంలోకి వచ్చాయి. పంపేవారు అక్షరం బదులు అంకె పెట్టి మందుల పేర్లు రాశారు. మామూలు ఉత్తరాల్లో ఎవరూ అలా రాయరు కనుక ఆ వంకర స్పెల్లింగే సాక్ష్యమైంది. 2004లో స్పామ్ లింకుల్లో కనిపించే డొమైన్ల జాబితా SURBL వచ్చాక మెయిల్‌లోని లింకులు ఏ డొమైన్‌కు పోతున్నాయో చూడడం మొదలైంది. సొంత డొమైన్ లింకులు పది ఉన్నా చెల్లవచ్చు, చెడ్డపేరున్న షార్ట్ లింకు ఒక్కటి చాలు కొంప ముంచడానికి. మెయిలింగ్ సర్వీసులు క్లిక్కులు లెక్కపెట్టడానికి లింకులను తమ ఉమ్మడి డొమైన్ మీదుగా మళ్లిస్తాయి. అక్కడ పక్క ఖాతాదారు చేసిన పాపం మనకూ అంటుకుంటుంది. ట్రాకింగ్‌కు సొంత సబ్‌డొమైన్ పెట్టుకుంటే ఈ బెడద తగ్గుతుంది.

కొత్త డొమైన్‌కు చరిత్ర ఉండదు, మొదటి రోజే అనుమానిస్తే ఎలా అన్న చిన్న సంస్థల వాదనలో కొంత న్యాయం ఉంది. పంపే మెయిళ్లను కొద్ది కొద్దిగా పెంచుతూ పొమ్మన్నది గూగుల్ సలహా. సబ్‌డొమైన్లకు పంచి 5,000 గీత కింద దాక్కోవడం మాత్రం కుదరదు. ఒకే మూల డొమైన్ కింద పోయినవన్నీ కలిపే లెక్కిస్తారు. ఒక్క రోజు గీత దాటినా బల్క్ ముద్ర శాశ్వతం.